ఐదు గడులు, ఒక వాక్యం: ఆరు, ఏడు తరగతుల పిల్లలకు భాషాభాగాల ఆట

భాషాభాగాలు ఐదని పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. నిర్వచనాలు కూడా అప్పజెబుతారు. అదే పిల్లల ముందు ఒక వాక్యం పెట్టి అందులో ఒక మాట కింద గీత గీసి ఇదేమిటని అడిగితే చాలామంది ఊహించి చెబుతారు. ఎందుకంటే వాళ్ళకు మాటల జాబితాలు కంఠస్థం వచ్చాయి గానీ, వాక్యంలో ఆ మాట ఏ పని చేస్తోందో చూడడం అలవాటు కాలేదు. భాషాభాగం అనేది మాట నుదుటి మీద రాసి ఉండదు. అది వాక్యంలో చేసే పనిని బట్టి తేలుతుంది. పిల్లలు ఆ పనిని ఒంటితో చేసి చూసేలా కట్టిన ఆట ఇది. మూడు దశల్లో సాగుతుంది. మొదటి దశకు తరగతి గది చాలు, మిగతా రెండింటికి వాకిలి కావాలి.

ఆటకు ఏమేం కావాలి

ముగ్గుపిండి లేదా సున్నం, పాత అట్టపెట్టెలు, ఒక స్కెచ్ పెన్, నాలుగైదు గజాల సుతిలి తాడు ఉంటే చాలు. అట్టలను జానెడు వెడల్పు ముక్కలుగా కోసి ఒక్కో దాని మీద ఒక్కో మాట రాయాలి. అక్షరాలు వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా కనబడేంత పెద్దగా ఉండాలి. కి, ని, తో, లు అనే చిన్న అట్టలు విడిగా చేసుకోండి. వీటి అవసరం చాలా పడుతుంది.

గడుల కోసం వాకిట్లో నీళ్ళు చల్లించి, ఆ తడి మీద ముగ్గు పోయించండి. పొడి నేల మీద పోస్తే రెండో జట్టు ఉరికేసరికి గీతలు చెరిగిపోతాయి. ఒక్కో గడి నాలుగు అడుగుల వెడల్పుంటే ఐదారుగురు తోసుకోకుండా నిలబడగలరు. అయిదింటినీ అర్ధచంద్రాకారంలో గీసి, నడుమ నా, స, వి, క్రి, అ అని పెద్దగా రాయించండి. పిల్లలు బయలుదేరే గీత ప్రతి గడికీ ఒకే దూరంలో, ఎనిమిది పది అడుగుల లోపే ఉండాలి. దూరం పెరిగితే ఆట ఉరుకుడు పందెమై, ఎవరు ముందొచ్చారన్న గొడవే మిగులుతుంది. పాలమూరు వైపు చాలా బడుల వాకిళ్ళు మొరం నేలలు. గులకరాళ్ళు ఏరించాకే ఆట మొదలుపెట్టండి. ఎండ విషయంలో మొహమాటం వద్దు: పది దాటాక వేపచెట్టు నీడ దొరికితేనే బయట ఆడించండి, లేకపోతే మొదటి పీరియడ్‌కు మార్చుకోండి. ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి దశతోనే సరిపెట్టండి.

మొదటి దశ: ఐదు చేష్టలు

ప్రతి భాషాభాగానికి ఒక చేష్ట ఉంటుంది. అది అందంగా ఉండాలని పెట్టింది కాదు, ఆ మాట వాక్యంలో ఎలా నడుచుకుంటుందో చూపించాలని పెట్టింది. అందుకే వీటిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చకండి.

నామవాచకానికి పిల్లవాడు కుడిచేయి గుండె మీద పెట్టుకుని, ఎడమచేయి పక్కకు చాచి అరచేయి తెరవాలి. తెరిచిన అరచేయి విభక్తి కోసం. కి, ని, తో వంటివి నామవాచకం చివర వచ్చి చేరతాయి కదా. పిల్లవాడు తరగతి వైపు తిరిగి నిలబడితే అతని ఎడమచేయి చూసేవాళ్ళకు కుడివైపున ఉంటుంది, అంటే పలక మీద మాట ముగిసే వైపు. అక్కడ కి అట్ట పెడితే అందరికీ ‘చెట్టుకి’ అని సరిగ్గా చదవడానికి వస్తుంది. ఈ ఎడమచేయి సంగతి మొదటి రోజే గట్టిగా చెప్పండి. లేకపోతే మూడో దశలో వాక్యం తలకిందులవుతుంది.

సర్వనామానికీ ఎడమ అరచేయి తెరిచే ఉంటుంది, ఎందుకంటే అతనికి, వాళ్ళతో అని దానికీ విభక్తి చేరుతుంది. తేడా కుడిచేతిలోనే ఉంది: గుండె మీద పెట్టుకోకుండా వేలితో ఎదుటివాళ్ళను చూపించాలి. సర్వనామానికి సొంత పేరు లేదు, ఎవరి బదులో నిలబడుతుంది.

విశేషణం ఎడమచేతిని పక్కవాళ్ళ భుజం మీద వేసినట్టు చాచాలి. అరచేయి మూసి ఉండాలి. తెలుగులో విశేషణం తన నామవాచకానికి ముందు వస్తుంది, ఏ ప్రత్యయాన్నీ తీసుకోదు. మంచి పిల్ల అన్నా, మంచి పిల్లలు అన్నా ‘మంచి’ మారదు.

క్రియకు ఉన్నచోటనే అడుగులు వేయాలి. వాక్యం ముగిసేచోట రెండు కాళ్ళూ దబ్బున నేలకు ఆనించి ఆగాలి. అసమాపక క్రియ అయితే ఒక కాలు ఎత్తి పట్టుకోవాలి. పోయి, తిని, చూసి అని ఆగిపోతే వినేవాడు తర్వాతి మాట కోసం ఎదురుచూస్తాడు. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్లవాడు కూడా ఎక్కువసేపు నిలవలేడు, సమాపక క్రియ కోసం చూస్తాడు. ఈ ఒక్క చేష్ట వల్ల సమాపక, అసమాపక తేడా పిల్లలకు చాలా తొందరగా పట్టుబడుతుంది.

అవ్యయానికి రెండు చేతులూ ఒంటికి అతికించి నిటారుగా నిలబడాలి. లింగం, వచనం, విభక్తి ఏవీ దాన్ని అంటవు.

మొదటి రోజు గదిలోనే, ఎవరి చోట వాళ్ళు నిలబడి ఈ చేష్టలు చేయించండి. మీరు మాట అంటారు, వాళ్ళు చేష్ట చేస్తారు. ఈ దశలో ఎటూ తేలని మాటలు వద్దు. చెట్టు, నల్లగొండ, బిందె, లక్ష్మి నామవాచకాలకు. నేను, అతను, వాళ్ళు, అది సర్వనామాలకు. పెద్ద, ఎర్ర, పొడవైన విశేషణాలకు. వచ్చాడు, రాసింది, ఉరికారు క్రియలకు. అయ్యో, ఆహా, కానీ, శభాష్ అవ్యయాలకు. అక్కడ, ఇక్కడ అనే మాటలు పుస్తకాల్లో అవ్యయాల కింద ఉన్నా ఇప్పుడే తేవద్దు. చురుకైన పిల్ల ఒకతి లేచి “సార్, అక్కడికి అంటాం కదా, కి ఎట్లా చేరింది?” అని అడుగుతుంది. అది సరైన ప్రశ్నే, జవాబు చెప్పాల్సిన ప్రశ్నే, కానీ మొదటి రోజుకు తగింది కాదు. తర్వాత ఎప్పుడైనా అడిగినప్పుడు ఆ పిల్ల చూసింది నిజమేనని ఒప్పుకోండి. ఆ మాటలకు విభక్తి చేరుతుంది గానీ లింగం, బహువచనం ఉండవని చూపించి, పరీక్షలో మాత్రం పుస్తకం చెప్పినట్టు రాయమనండి.

రెండో దశ: గడులు

పిల్లలను ఆరుగురు చొప్పున జట్లు చేయండి. ఒక జట్టు గీత మీద నిలబడుతుంది, మిగతా జట్లు కూర్చుని చేష్టలు చేస్తూ న్యాయనిర్ణేతలుగా ఉంటాయి. మీరు ఒక వాక్యం మొత్తం చదివి, అందులో ఒక మాట మళ్ళీ చెప్పాలి. ఒట్టి మాట చెప్పి ఉరకమంటే ఈ ఆట పాడైపోతుంది. పిల్లలు మళ్ళీ జాబితాలోకే వెళ్ళిపోతారు.

వాక్యం చదివాక క్రమం ఇలా ఉండాలి. జట్టు గడులకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. మీరు మాట చెప్పగానే ఎవరికి వారు చేష్ట చేస్తారు. మీరు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేదాకా చేష్ట మార్చకూడదు. అప్పుడు కళ్ళు తెరిచి, తిరిగి, ఆ గడిలోకి ఉరకాలి. పాయింటు చేష్టకే గానీ ఉరుకుడుకు కాదు. ఈ నియమం రెండు పనులు చేస్తుంది. ఒకటి, తెలివైన పిల్లవాడి వెనకాల అందరూ ఉరకడం తగ్గుతుంది. ఎవరు చూసి చేస్తున్నారో కనిపెట్టడం తేలికే: కళ్ళు మూసుకున్నప్పుడు చేయి అటూ ఇటూ కదులుతూ ఉండి, ఉరకమనగానే సరైన గడిలో తేలినవాళ్ళే వాళ్ళు. వాళ్ళను అందరి ముందు పట్టుకోకండి, తర్వాతి వాక్యానికి వాళ్ళకు పట్టుబడిన మాటనే ఎంచుకోండి. రెండు, కాలు సరిగా లేని పిల్ల, పరుగెత్తలేని పిల్లవాడు అందరితో సమానంగా పాయింట్లు తెచ్చుకుంటారు. వాళ్ళకు స్కోరు రాసే పని అప్పజెప్పి పక్కన కూర్చోబెట్టాల్సిన అవసరం రాదు.

ఇక ఈ దశకు అసలు పని. ‘పండు’ అనే మాట తీసుకోండి. మూడు వాక్యాలు చదవండి.

తాత సంతలో పండు కొన్నాడు.
పొద్దుపోయింది, పోయి పండు.
అమ్మ పండు మిరపకాయలతో తొక్కు నూరింది.

మొదటి వాక్యానికి అందరూ ‘నా’ గడిలోకి ఉరుకుతారు. రెండో వాక్యానికి కూడా సగం మంది అటే ఉరుకుతారు, ఎందుకంటే పండు అంటే నామవాచకమని ఇప్పుడే తేలింది కదా. అక్కడ ఆట ఆపండి. “ఇంట్లో అమ్మ పోయి పండు అంటే ఏం చేస్తవు?” అని అడగండి. “పంటా సార్” అంటారు. అంటే అది పని. మూడో వాక్యానికి ఇంకా గందరగోళం ఉంటుంది: కొందరు ‘నా’ లో, కొందరు ‘వి’ లో, ఎటూ తేలక కొందరు గీత మీదే. మనం కోరుకునేది ఈ గందరగోళమే, దీన్ని తొందరపడి సరిచేయకండి. పిల్లల చేతనే మూడు పరీక్షలు చేయించండి.

మొదటిది కి పరీక్ష. అదే వాక్యంలో, అదే చోట ఆ మాట చివర ని, కి, లేదా బహువచనం చేర్చి చూడాలి. ‘తాత సంతలో పండ్లు కొన్నాడు’ కుదిరింది. ‘అమ్మ పండుకి మిరపకాయలతో’ కుదరలేదు. అదే వాక్యంలో అన్నది ముఖ్యం. ఒక పిల్లవాడు “మంచికి పోతే చెడ్డ ఎదురైందంటారు కదా, మంచి నామవాచకమే” అనవచ్చు. ఆ సామెతలో అది నామవాచకమే. ‘మంచి పిల్ల’ అన్నప్పుడు ‘మంచికి పిల్ల’ అని చూడమనండి, వాడికే తెలుస్తుంది.

రెండోది మనిషిని మార్చే పరీక్ష. నువ్వు తీసి వాడు పెట్టాలి. ‘పోయి పండు’ అన్నది ‘వాడు పోయి పండిండు’ అయింది. మాట తోక మారింది కాబట్టి అది క్రియ. ‘వాళ్ళు పండు మిరపకాయలతో తొక్కు నూరారు’ అన్నప్పుడు పండు కదలలేదు, నూరింది మాత్రం నూరారు అయింది.

మూడోది తీసేసే పరీక్ష. ‘అమ్మ మిరపకాయలతో తొక్కు నూరింది’ అంటే వాక్యం నిలబడే ఉంది. ఎలాంటి మిరపకాయలో చెప్పే మాట ఒక్కటే పోయింది. అందుకే అది విశేషణం. తాత వాక్యంలో పండు తీసేస్తే ఏం కొన్నాడో తెలియదు. పండు అన్నది అక్కడ కొన్న వస్తువు, ఇక్కడ మిరపకాయ గుణం.

పిల్లలు ఏ గడిలో ఉన్నా ముందు పరీక్ష చెప్పాలి, తర్వాతే గడి మారాలి. తప్పు గడిలో ఉన్నవాళ్ళు పరీక్ష సరిగా చెప్పి మారితే వాళ్ళకూ పాయింటు ఇవ్వండి. అలా చేస్తే తప్పు గడిలోకి ఉరకడానికి జంకరు.

పండు అయ్యాక ‘నాటు’ ఇవ్వండి. వానాకాలంలో మన పిల్లలు పొలం గట్ల మీద రోజూ వినే మాట ఇది. ‘నాటు వేయడానికి కూలీలు వచ్చారు’, ‘ఈ మొక్క బావి దగ్గర నాటు’, ‘మామ నాటు కోడి తెచ్చాడు.’ ఈసారి పరీక్షలు పిల్లలే చేసుకోవాలి, మీరు నోరు విప్పవద్దు. ఎవరో ఒకరు ‘నాటు’ తో నాలుగో వాక్యం కూడా తెస్తారు. అది ఏ గడిలోకి వెళ్తుందో జట్టే తేల్చాలి.

మన ప్రాంతపు పిల్లలకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. పుస్తకంలో ‘నేను వచ్చాను’ అని ఉంటుంది, ఇంట్లో మనం ‘నేను వచ్చిన’ అంటాం. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి: ‘నేను నిన్ననే వచ్చిన’, ‘నిన్న వచ్చిన సారు లెక్కలు చెప్పిండు.’ రెండింట్లో మాట ఒకటే, చెప్పేటప్పుడు తేడా ఉండదు. మొదటిది సమాపక క్రియ, రెండు కాళ్ళూ నేల మీద. రెండోది సారును గురించి చెప్పే క్రియాజన్య విశేషణం, చేయి సారు భుజం మీద. పుస్తకం మాట మాత్రమే వినే పిల్లలకు ఈ చిక్కు రాదు, ఎందుకంటే వాళ్ళకు వచ్చాను, వచ్చిన వేరువేరుగా వినబడతాయి. మన పిల్లలు తమ మాటతోనే ఈ తేడా పట్టాలి. అందుకు మనిషిని మార్చే పరీక్ష సరిపోతుంది. ‘వాడు నిన్ననే వచ్చిండు’ అని మొదటిది మారింది. ‘నిన్న వచ్చిన పిల్లలు’, ‘నిన్న వచ్చిన అవ్వ’ అని ఎంతమందిని మార్చినా రెండోది మారలేదు. ఆటలో వచ్చిండు, పోయిన్రు వంటి రూపాలను తప్పనకండి. క్రియ మనిషిని బట్టి మారుతుందన్న సంగతి వచ్చాడు, వచ్చారులో ఎంత ఉందో వచ్చిండు, వచ్చిన్రులోనూ అంతే ఉంది. నోట్‌బుక్‌లో రాసేటప్పుడు పుస్తక రూపం రాయమంటే చాలు.

ఈ దశను ఒక్క పీరియడ్‌లో ముగించాలని చూడకండి. రోజుకు రెండు మాటలు, ఒక్కో మాటకు మూడు వాక్యాలు చాలు. ఎక్కువైతే పిల్లలు పరీక్షలు వదిలేసి ఉరకడమే చేస్తారు.

మూడో దశ: మనుషులతో వాక్యం

ఇప్పుడు ఒక్కో పిల్లవాడు ఒక్కో మాట. ‘లక్ష్మి పెద్ద బిందె తెచ్చింది’ అనే వాక్యానికి నలుగురిని పిలిచి, అట్టలు మెడలో వేయించి, తరగతి వైపు తిరిగి వరుసగా నిలబెట్టండి. చూసేవాళ్ళకు ఎడమ నుంచి కుడికి చదవడానికి రావాలి. లక్ష్మి, బిందె అరచేతులు తెరిచి ఉంటాయి. పెద్ద చేయి బిందె భుజం మీద ఉంటుంది. తెచ్చింది అడుగులు వేసి రెండు కాళ్ళతో ఆగుతుంది.

సుతిలి తాడు ఒక కొస లక్ష్మి చేతికి, ఇంకో కొస తెచ్చింది చేతికి ఇవ్వండి. ఆ తాడు ఏమిటో చెప్పకండి. మిగతా పిల్లలు కూర్చున్నచోటి నుంచి మార్పులు అడుగుతారు.

మొదటి మార్పు: లక్ష్మి స్థానంలో సర్వనామం. ‘ఆమె’ అట్ట వేసుకున్న పిల్ల వచ్చి లక్ష్మి భుజం తట్టి ఆ చోట్లో నిలబడి తాడు అందుకుంటుంది. తెచ్చింది మారాల్సిన పని లేదు. తర్వాత ‘అతను’ వస్తాడు. తాడు లాగుతాడు. తెచ్చింది అట్ట ఉన్న పిల్ల తిప్పి తెచ్చాడు అనాలి. అట్ట వెనకవైపు తెచ్చాడు, తెచ్చారు, తెచ్చాను అని ముందే రాసి పెట్టుకోండి. తర్వాత ‘వాళ్ళు’, ‘నేను’. ప్రతిసారి తాడు లాగడం, క్రియ తోక మారడం. ఈ లాగుడు పిల్లలకు సరదాగా ఉంటుంది, అందుకే గట్టిగా లాగుతారు. తాడు మణికట్టుకు చుట్టవద్దని, వేళ్ళతో పట్టుకోవాలని ముందే చెప్పండి.

రెండో మార్పు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బిందె చేతిలో లు అట్ట పెట్టించండి. ‘లక్ష్మి పెద్ద బిందెలు తెచ్చింది.’ పెద్ద మారిందా? లేదు. తెచ్చింది మారిందా? లేదు. బిందె ఎన్ని ఉన్నా క్రియకు పట్టదు, దాని తాడు లక్ష్మి చేతిలోనే ఉంది. ఇప్పుడు తాడు ఏమిటని అడిగితే పిల్లలే చెబుతారు. కర్త, కర్మ అన్న పదాలు ఆ తర్వాత తెచ్చినా తొందరపాటు కాదు.

మూడో మార్పు: వాక్యం ముందు ‘అబ్బా’ వచ్చి చేతులు ఒంటికి అతికించి నిలబడుతుంది. ఎవరూ కదలరు, ఏదీ మారదు. అవ్యయానికి ఇంతకన్నా వివరణ ఈ తరగతులకు అక్కర్లేదు.

నాలుగోది అసమాపక క్రియ. ‘లక్ష్మి బావికి పోయి బిందె తెచ్చింది.’ పోయి ఒంటికాలి మీద ఉంటుంది. తెచ్చిందిని పక్కకు పిలవండి. పోయి కాలు ఎత్తుకునే ఉండాలి, మిగతావాళ్ళు “పోయి? పోయి?” అని అడుగుతారు. తెచ్చింది తిరిగొచ్చి కాళ్ళు ఆనించాక పోయి కాలు దించవచ్చు. ఇప్పుడు లక్ష్మి బదులు వాళ్ళును పెట్టి చూడండి. తెచ్చింది తెచ్చారు అయింది, పోయి మాత్రం పోయిగానే ఉంది. తాడు దాని చేతికి చేరలేదు.

అన్నిటికన్నా మంచి ఘట్టం క్రియ లేని వాక్యం. ‘లక్ష్మి మా లీడరు.’ ముగ్గురే నిలబడతారు. క్రియ ఆడే పిల్లకు చోటు లేదు. ఆమె వరుస పక్కన నిలబడి “నేనెక్కడ నిలబడాలె?” అని అడగాలి. పిల్లలు వెతుకుతారు, ‘ఉంది’ పెట్టి చూస్తారు, ‘లక్ష్మి మా లీడరు ఉంది’ అని నవ్వుకుంటారు. అప్పుడు వాక్యాన్ని కాదనమనండి. ‘లక్ష్మి మా లీడరు కాదు.’ క్రియ ఆడే పిల్ల కాదు అనే అట్ట వేసుకుని చివర నిలబడుతుంది. తెలుగులో ఇలాంటి వాక్యం క్రియ లేకుండానే నడుస్తుందనీ, వ్యతిరేకం చేయగానే క్రియ అవసరమవుతుందనీ పిల్లల కళ్ళ ముందే తేలిపోతుంది. ఇంగ్లీషు పీరియడ్‌లో ప్రతి వాక్యానికీ క్రియ ఉండాలని విన్న పిల్లలు ఇక్కడ వాదిస్తారు. వాళ్ళను వాదించనివ్వండి. అది ఆ భాష పద్ధతి, ఇది మన భాష పద్ధతి అని చెబితే సరిపోతుంది.

ఆ, ఈ అనే మాటలు కూడా ఈ దశలోనే తేలుస్తాను నేను. ‘ఆ బిందె’ లో ఆ, ‘అది పగిలింది’ లో అది. పిల్లలకు రెండూ సర్వనామాలుగానే కనబడతాయి. ‘ఆ’ పక్క నుంచి బిందెను తీసేయండి. ‘ఆ పగిలింది’ అని చదివి చూడమనండి. ఆ ఒంటరిగా నిలవలేదు, దానికి పట్టుకోవడానికి భుజం కావాలి. అది ఒంటరిగా నిలుస్తుంది.

గా చేరిన మాటలు, అందంగా, గట్టిగా, తొందరగా వంటివి వస్తే క్రియ పక్కన నిలబెట్టి, క్రియ భుజం మీద చేయి వేయించండి. ఇవి క్రియకు విశేషణాలు. వీటి కోసం ఆరో గడి గీయకండి. పరీక్షలో ఏ పేరు రాయాలో మీ తరగతి పుస్తకాన్ని బట్టి చెప్పండి.

ఆట గాడి తప్పితే

ఎక్కువగా జరిగేది ఒకటుంది. కొన్ని రోజులయ్యాక చేష్టలు అలవాటై, పిల్లలు వాక్యం చివరి మాటకు కళ్ళు మూసుకుని అడుగులు వేస్తారు, మొదటి మాటకు గుండె మీద చేయి పెడతారు. తెలుగులో క్రియ ఎక్కువగా చివరే వస్తుంది కాబట్టి పదికి ఎనిమిది సార్లు సరిపోతుంది కూడా. వాళ్ళు వినడం మానేశారని మీకు దీనివల్లే తెలుస్తుంది. వెంటనే మాటల క్రమం మార్చండి: ‘తెచ్చింది లక్ష్మి, పెద్ద బిందె’, ‘ఉరికిండు చూడు మావోడు.’ మనం మాట్లాడేటప్పుడు ఇలా ఎన్నిసార్లు అంటామో పిల్లలకు తెలుసు, అందుకే కృత్రిమంగా అనిపించదు.

వలస వెళ్ళి మధ్యలో తిరిగొచ్చిన పిల్లలు ఉంటే వాళ్ళను నేరుగా గడుల్లోకి దింపకండి. మూడో దశలో ఒక అట్ట ఇచ్చి వరుసలో నిలబెట్టండి. పక్కవాళ్ళను చూసి చేష్టలు నేర్చుకుంటారు, తాడు లాగుడులో చేరిపోతారు. రెండో దశ వాళ్ళకు ఆ తర్వాతే.

నోట్‌బుక్‌లోకి

ఆడిన రోజే రాత పని ఉండాలి, మర్నాటికి వాయిదా వేస్తే ఒంటికి తెలిసింది చేతికి రాదు. మూడు వాక్యాలు రాయించి ప్రతి మాట కింద నా, స, వి, క్రి, అ అని గుర్తు పెట్టించండి. గుర్తు తర్వాత ఒక్క మాటకైనా ఏ పరీక్ష చేశారో ఒక వాక్యంలో రాయాలి. పేరు సరిగా రాసి పరీక్ష రాయలేనివాళ్ళు ఊహించారన్నమాట. పేరు తప్పు రాసి పరీక్ష సరిగా చేసినవాళ్ళు దారిలోనే ఉన్నారు. దిద్దేటప్పుడు ఈ తేడా చూడండి.

వారం తర్వాత ఆటలో రాని మాటలతో చూడండి. ఈ ఐదు వాక్యాలు సరిపోతాయి, గీత గీయాల్సిన మాట చదువు, నవ్వు, ఎరుపు, చెప్పిన.

నాకు చదువు ఇష్టం.
ఈ పాఠం గట్టిగా చదువు.
చెల్లి నవ్వు బాగుంటుంది.
గద్వాల చీరకు ఎరుపు అంచు వేశారు.
నిన్న చెప్పిన కథ నేనే చెప్పిన.

మొదటి చదువు నామవాచకం, రెండోది క్రియ. నవ్వు ఇక్కడ నామవాచకం, ‘చెల్లి నవ్వులు బాగుంటాయి’ అని బహువచనం చేర్చి చూస్తే తెలుస్తుంది. ఎరుపు విడిగా చూస్తే రంగు పేరు, నామవాచకం. ఇక్కడ అంచు ఎలాంటిదో చెబుతోంది కాబట్టి విశేషణం పని చేస్తోంది. ఇది కొంచెం కష్టమైనది, తప్పినా మార్కు తగ్గించకండి. చివరి వాక్యంలో మొదటి చెప్పిన కథ భుజం మీద చేయి వేస్తుంది, రెండో చెప్పిన రెండు కాళ్ళతో ఆగుతుంది. ఐదో వాక్యంలో సగం తరగతి కూడా తప్పితే రెండో దశకు తిరిగి వెళ్ళి, ‘వచ్చిన’ వాక్యాలతో ఇంకొక్క పీరియడ్ ఆడించండి. మిగతావి మాత్రమే తప్పితే తప్పిన మాటను మాత్రం వరుసలో నిలబెట్టి మూడు పరీక్షలు చేయిస్తే సరిపోతుంది.